‘నిర్మాణం’ అని రాసిన కారణం

కొండాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నప్పటి మాట. జ్యామితి పరీక్షలో కారణాలు రాయని వాళ్లందరికీ మార్కులు తగ్గించాను. సాయంత్రానికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. లెక్క సరిగ్గానే చేశారు కదా, మార్కులెందుకు కోశారని అందరిదీ ఒకటే ప్రశ్న.

జవాబుగా ఒక ఉత్తరం రాసి పంపాను. “పటంలో సమానంగా కనబడినంత మాత్రాన రెండు కోణాలు సమానమైపోవు. ప్రతి మెట్టుకూ ఆధారం ఉండాలి. అది లెక్కలో ఇచ్చిన దత్తాంశం కావచ్చు, మనం గీసుకున్న నిర్మాణం కావచ్చు, ముందే రుజువైన సిద్ధాంతం కావచ్చు.” కింద ఒక ఉదాహరణ ఇచ్చాను. ABC త్రిభుజంలో AB, AC సమానం. B, C కోణాలు సమానమని చూపాలి. A నుంచి BCకి లంబ సమద్విఖండన రేఖ AD గీశాను. BD, DC సమానం: నిర్మాణం. D దగ్గర రెండూ లంబకోణాలు: నిర్మాణం. AD ఉమ్మడి భుజం. భుజం-కోణం-భుజం నియమం ప్రకారం రెండు త్రిభుజాలూ సర్వసమానం, కనుక B, C కోణాలు సమానం. రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

ఆ శనివారం తల్లిదండ్రుల సమావేశానికి కూకట్‌పల్లి నుంచి ఒకావిడ కూతురితో వచ్చింది. ఐటీ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తుంది.

“ఉత్తరం ఇద్దరం కూర్చుని చదివామండి. AB, AC సమానమని ఇచ్చారు కదా, దాన్ని రుజువులో ఎక్కడ వాడారండి?”

వరుసలన్నీ వెతికాను. ఎక్కడా లేదు.

“అది లేకుండానే రుజువైతే, ఏ త్రిభుజంలోనైనా ఆ రెండు కోణాలూ సమానమవ్వాలి కదండి?”

అమ్మాయి ఒక వంకర త్రిభుజం గీసి, BC మధ్య బిందువు దగ్గర లంబం నిలబెట్టింది. అది A వైపు కూడా పోలేదు.

“మధ్యలోంచి వెళ్లే లంబం A దగ్గరకి వస్తుందని మనకెలా తెలుసు, మేడమ్?”

ఆ పిల్లకి మార్కులు కోసింది నేనే. “చూసి చెబుతానమ్మా” అన్నాను, నా రుజువు తప్పని తెలిసి కూడా. వాళ్లు మార్కుల మాటెత్తకుండానే వెళ్లిపోయారు.

తప్పు సరిచేస్తూ ఇంకో ఉత్తరం పంపాలని ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. “గింత దానికి మళ్ల ఉత్తరమేంది మేడమ్? ఎవరు చూస్తరు? ఫికర్ చెయ్యకుండ్రి” అన్నారాయన. ఆ మాటకి నా ప్రాణం తేలికపడింది. అలా తేలికపడినందుకే ఇప్పటికీ ఎక్కువ సిగ్గుపడతాను.

అయినా సోమవారం రెండో ఉత్తరం పంపాను. ఒకే గీతకి రెండు షరతులు పెట్టి, అవి కుదురుతాయో లేదో చూడకుండా ‘నిర్మాణం’ అని రాసేశానని ఒప్పుకున్నాను. ఈసారి A కోణాన్ని సగం చేసే AD గీశాను. AB, AC సమానం: దత్తాంశం. A దగ్గర రెండు సగాలూ సమానం: నిర్మాణం. AD ఉమ్మడి. అదే నియమం. తప్పు పట్టింది ఒక తల్లీ కూతురూ అని కూడా రాశాను.

“అయితే మా పిల్లల మార్కులు వెనక్కిస్తారా?” అని ఒక తండ్రి అడిగాడు. ఇవ్వలేనని రాశాను. కారణం రాయడం ఎందుకో నా తప్పే చెబుతోందని కూడా రాద్దామనుకున్నాను గానీ, ఆ మాట అనే మొహం నాకు లేకపోయింది.