వారం రోజుల మజ్జిగ

పెళ్ళయిన రెండో ఏడు, మిరప కల్లం మీద ఉండగా మా ఆయనకు ఒంటేలుకు పోతే మంట మొదలైంది. ఎండలో ఎండుకాయ బస్తాల్లో తొక్కి తొక్కి వేడి చేసిందన్నాడు. మా ఊళ్ళో ఏ మంటైనా వేడే మరి. పిచ్చిమొహాన్ని, నమ్మాను. వారం రోజులు సబ్జా గింజలు నానబెట్టి, బార్లీ కాచి, చెంబులకు చెంబులు మజ్జిగ పోశాను. తగ్గిపోయింది. "అంతా నీ చేతి చలవే" అన్నాడు. మురిసిపోయాను కూడా!

ఆ తర్వాత రెండేళ్ళు గడిచినా నా కడుపు పండలేదు. నొప్పి లేదు, తెల్లబట్ట లేదు, నెల తప్పకుండా బయట చేరుతున్నాను. "దీని ఒంట్లోనే వేడి" అనేది మా అత్తయ్య, వచ్చినవాళ్ళందరి ముందూ.

చివరికి గుంటూరులో ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాం. లోపలి నుంచి దూదిపుల్లతో తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత క్లమీడియా అని చెప్పింది. కలయిక వల్ల అంటుకునే సూక్ష్మక్రిమి అట. మా ఆయన వైపు తిరిగి, "మీకెప్పుడైనా మూత్రంలో మంట వచ్చిందా?" అంది. ఆయన తలొంచుకున్నాడు.

నేను మజ్జిగ పోసిన వారమే ఆయన గుంటూరులో ఇంకో డాక్టరు దగ్గర మాత్రలు వాడాడట. భార్యను కూడా తీసుకురమ్మని ఆ డాక్టరు మరీ మరీ చెప్పాడట. "నీకేం లేదుగా, చెప్తే ఊరుకుంటావా అని..." అని నసిగాడు.

"ఆడవాళ్ళలో చాలామందికి ఏమీ తెలియదండీ. అందుకే ఇద్దరూ ఒకేసారి వాడాలి. మీకు తగ్గినా ఈవిడ నుంచి మళ్ళీ మీకు అంటుకునే ఉంటుంది" అంది డాక్టరమ్మ. ఇద్దరికీ వారం రోజులు, పూటకొక మాత్ర రాసింది. అవి అయ్యేదాకా దగ్గరవ్వొద్దంది. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేస్తే క్రిమి లేదని వచ్చింది. ఇక పిల్లలు పుడతారనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తర్వాత గర్భసంచిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. అండం వచ్చే రెండు ట్యూబులూ మూసుకుపోయి, వాటిలోకి మందు పోలేదు. "మాత్రలు క్రిమిని చంపుతాయమ్మా. అది ఇన్నాళ్ళూ లోపల చేసిన మచ్చను పోగొట్టలేవు" అంది. టెస్ట్ ట్యూబ్ పద్ధతి ఒక్కటే దారట. మా తాహతుకు అది అందదు.

వారం మాత్రలతో పోయేది. ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది!

బస్సులో ఇంటికొస్తూ, "అమ్మకు చెప్పకే" అని బతిమాలాడు.

మర్నాడు కల్లంలో తాలుకాయలు ఏరుతుంటే, కూలికొచ్చిన ఒకావిడ విశేషమేమైనా ఉందా అని అడిగింది. "ఎక్కడమ్మా, దీనికి వేడి" అంది అత్తయ్య.

లేచి నిలబడ్డాను. "వేడి నాది కాదత్తయ్యా. రోగం మీ అబ్బాయి తెచ్చాడు. మందు తనొక్కడే మింగాడు. నాకు చెప్పకుండా నా చేత మజ్జిగ పోయించుకున్నాడు. గొడ్రాలి పేరు మాత్రం నాకొచ్చింది" అన్నాను, అందరికీ వినబడేలా.

ఆయన గోనెసంచి ఎత్తుకుని అవతలికి పోయాడు. అత్తయ్య నా వంక చూసి, "మగాడన్నాక..." అంటూ మళ్ళీ కాయలు ఏరుకోసాగింది.