మూడు ప్రశ్నలు పట్టుకెళ్ళిన సాయంత్రం

మొన్న మా అపార్ట్‌మెంటు లిఫ్టులో పై అంతస్తు కుర్రాడు, ఉద్యోగం చేసుకుంటున్నవాడే, అద్దంలో చూసుకుంటూ నవ్వడం ప్రాక్టీసు చేస్తున్నాడు. నేను ఎక్కగానే ఆపేసి, నేనేమీ అడక్కుండానే చెప్పేశాడు, రుషికొండ దగ్గర కాఫీ హోటల్లో ఒక అమ్మాయిని మొదటిసారి కలవబోతున్నాడట, ఏం మాట్లాడాలో ఫోన్‌లో రాసుకుని బట్టీ పట్టాడట, అయినా పొద్దుట్నుంచీ అన్నం సహించడం లేదట. వాణ్ణి చూస్తే నాకు నవ్వు రాలేదు. నా ఎడమ చేతికి మూడు వేళ్ళు లేవు కాబట్టి దాన్ని జేబులో పెట్టుకు తిరిగిన రోజులు గుర్తొచ్చాయి, ఆ చెయ్యి జేబులోంచి తీయించిన మా అప్ప, అంటే మా అక్క, గుర్తొచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డెబ్బైలలో హార్బరులో పనిచేసిన నా తోటివాళ్ళకి వించి అంటే వేరే చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఓడ మీద సరుకు ఎత్తి దించే యంత్రం అది, దాని మీటల దగ్గర కూర్చున్న మనిషికి ఓడ కడుపులో ఏం జరుగుతోందో కనబడదు. అంచున ఒక మనిషి నిలబడి లోపలికి చూస్తూ చేత్తో సైగలు చేస్తాడు, ఎత్తమనో దించమనో ఆగమనో, వించి మీదివాడు ఆ చేతిని తప్ప ఇంకేమీ చూడకూడదు. వించి మీద కూర్చుని నేను ఆ చేతిని చూసినంత కాలం నా చేతులు ఒక్కనాడూ వణకలేదు. ఒకరోజు కొత్తగా వచ్చిన కూలీల గ్యాంగు వాళ్ళు చుట్టూ చేరి చూస్తున్నారని నాకు ఊపొచ్చి, వించి డ్రమ్ము మీద ఇనపతాడు సరిగ్గా చుట్టుకోకపోతే యంత్రం ఆపి సర్దాల్సింది పోయి, తిరుగుతుండగానే ఎడమ చేత్తో తోశాను. ఎంత చురుకైనవాణ్ణో వాళ్ళకి చూపించాలని తప్ప దానికి వేరే కారణం లేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక నన్ను అంచున సైగలు చేసే పనిలో వేశారు.

అప్పటికి అమ్మా నాన్నా లేరు. మా అప్ప నాకన్నా ఆరేళ్ళు పెద్దది, పెళ్ళైన రెండేళ్ళకే బావ పోతే, పిల్లలు లేని మనిషి, వన్‌టౌన్‌లో నేను అద్దెకున్న ఒకటిన్నర గదుల వాటాకి వచ్చేసి నాకు వండిపెడుతూ, ఇరుగుపొరుగుల జాకెట్లు కుడుతూ ఎనిమిదేళ్ళు ఉంది. నా పెళ్ళి చెయ్యాలని ఆవిడకి ఒకటే పట్టుదల.

మొదటి రెండు సంబంధాలూ నేనే చెడగొట్టుకున్నాను. పెళ్ళిచూపులకి స్నేహితుడి సఫారీ సూటు, ఇంకొకడి వాచీ పెట్టుకుని, అంతకుముందు రాత్రంతా నేర్చుకున్న గొప్ప కబుర్లన్నీ గడగడా అప్పజెప్పి, కాఫీ గ్లాసు కుడిచేత్తో పట్టుకుని, ఎడమ చెయ్యి మాత్రం జేబులోంచి తియ్యలేదు. నా గొంతు ఎలా ఉంది, నా నవ్వు ఎలా ఉంది, జేబు ఎత్తుగా కనబడుతోందా అని నన్ను నేనే కాపలా కాసుకుంటూ కూర్చుంటే చెమట ధారగా కారిపోయేది. ఇంటికొచ్చాక ఆ పిల్ల ఎలా ఉందని అప్ప అడిగితే, నిజం చెబుతున్నాను, మొహం కూడా గుర్తులేదు. చెయ్యి సంగతి తర్వాత తెలిసి రెండు ఇళ్ళవాళ్ళూ ఒకే మాటన్నారు, చెయ్యి పోయినందుకు కాదు, దాచినందుకు వద్దన్నారు.

ఎనభైల మొదట్లో మూడో సంబంధం వచ్చింది. ఒక ఆఫీసులో టైపిస్టు, తండ్రి లేడు, ఆ పిల్ల మధ్యవర్తి చేత ఒక షరతు చెప్పి పంపింది. పళ్ళేలూ ఫలహారాలూ వద్దు, బీచి రోడ్డులో ఒక గంట తనే మాట్లాడుతుంది, కాస్త దూరంలో వాళ్ళ మేనత్త కూర్చుంటుంది. ఆ రోజుల్లో అదెంత మాటో మీకు తెలుసు, మా చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నలుగురి మధ్య కూర్చుంటేనే ఆ గతి పట్టినవాణ్ణి ఒంటరిగా గంటసేపు ఏం చేస్తాను. ఇది పోతే ఇంక నాకు సంబంధం రాదని, ముప్ఫై దాటిన ఈ చేతివాడికి పిల్లనిచ్చేవాళ్ళు ఉండరని అప్పకీ నాకూ తెలుసు.

అప్ప జాకెట్టు కుడుతూనే చెప్పింది. "ఒరే తమ్ముడా, వించి మీద నువ్వు బాగా సేసిన రోజుల్లో నీ కళ్ళెక్కడుండీవి? ఎదటోడి సేతి మీద. సేతి ఏళ్ళు పోయిన రోజున నీ మీదే ఉండీవి. నువ్వు ఏటి సూపించాల అన్నది ఒగ్గీ. ఆ పిల్ల ఏటన్నది సూడు."

ఆ తర్వాత ఆవిడ నన్ను తయారుచేసిన తీరు ఇప్పుడు తలుచుకుంటే, వించి నడిపేముందు తాడూ బ్రేకూ చూసుకున్నట్టే ఉంటుంది. ముందురోజు సరిగ్గా అదే వేళకి నన్ను బీచికి పంపింది, ఎక్కడ కూర్చోవాలో చూసి రమ్మని. నేను అనుకున్న చోట సోడాబండి గోల, గాలికి మాట వినబడటం లేదు, కొంచెం ఇవతల పిట్టగోడ చాటున గాలి తగ్గింది, మేనత్తగారు కూర్చోడానికి కనుచూపు మేరలో చోటు ఉంది, బస్సు ఎంతసేపటికి వస్తుందో చూసుకున్నాను. ఒకసారి కాళ్ళతో నడిచి చూసిన చోటు కావడంతో మర్నాటికి సగం భయం అక్కడే పోయింది. కొత్త బట్టలు వద్దంది, నాకు అలవాటైన నీలం చొక్కాయే ఉతికి ఇస్త్రీ చేసింది. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దని నాలుగు ముద్దలు పెరుగన్నం తినిపించింది. చెయ్యి సంగతి అడగకముందే రెండు ముక్కల్లో చెప్పెయ్యమంది, ఆ రెండు ముక్కలూ నాచేత ఒకసారి గట్టిగా అనిపించింది గానీ బట్టీ పట్టనివ్వలేదు. ఆఖర్న, ఆ పిల్ల గురించి నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నవి మూడు అనుకుని వెళ్ళు, మెప్పు కోసం అడిగేవి కాదు, జవాబు తెలియకపోతే నీకు నిద్ర పట్టనివి అంది. ఇవన్నీ ఆవిడకి ఎలా తెలుసని అడగాలని నాకు అప్పుడు తోచలేదు. బావ పెళ్ళిచూపులకి అరువు తెచ్చుకున్న గొలుసు వేసుకొచ్చి పెద్ద మాటలు చెబితే తను తలొంచుకుని విందట, ఒక్కటీ అడగలేదట, తాగుడు సంగతి పెళ్ళైన మూడో రోజున తెలిసిందట. అదొక్కటి మాత్రం తనంతట తనే, కుట్టు ఆపకుండా చెప్పింది.

పావుగంట ముందే వెళ్ళి పిట్టగోడ మీద కూర్చుని, అప్ప చెప్పినట్టు ఊపిరి మెల్లగా బయటికి వదులుతూ అలలు చూశాను. ఆ పిల్ల రాగానే గోడ మీద చోటిచ్చి కూర్చోమన్నాను. భయంగా ఉందండీ అని అనేశాను, ఆవిడ తనకీ అలాగే ఉందని చెప్పి చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి బయటికి తీసి, యంత్రం తిరుగుతుండగా గొప్పకి పోయి పెట్టాను, తప్పు నాదే అన్నాను. ఆవిడ ఆ చెయ్యి తిన్నగా చూసింది, అంతే, ఇంక దాని గురించి దాచేది ఏమీ మిగల్లేదు.

నా మొదటి ప్రశ్న, టైపు కొట్టేటప్పుడు అందులో ఏముందో చదువుతారా, వేళ్ళు వాటంతట అవే పోతాయా అని.  చదువుతానంది. పక్క కుర్చీ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం తనే కొట్టాల్సి వచ్చిందని, కొడుతుంటే ఆయన టీ తెచ్చిచ్చాడని చెప్పింది. ఆయనకి ముందే చెప్పారా అని నేను అడిగాను, అది నేను అనుకుని వెళ్ళిన ప్రశ్న కాదు, ఆవిడ మాటలోంచి పుట్టింది. చెప్పలేదంది, ఆ టీ తాగానంది. అప్పటికి నా గొంతు గురించీ నవ్వు గురించీ మరిచిపోయి ఎంతసేపైందో నాకు తెలియదు. రెండోది, ఇలా ఒంటరిగా మాట్లాడాలని ఎందుకనుకున్నారని. వాళ్ళక్కని ఒక్క మాటైనా అడక్కుండా ఇచ్చేశారట, ఆరు నెలలకి తిరిగొచ్చిందట, అక్కడేం జరిగిందో ఎవరూ అడగలేదు, ఆ అక్కా చెప్పలేదు, ఇప్పటికీ రోజంతా గోడవైపు తిరిగి కూర్చుంటుందట.

నేను మూడో ప్రశ్న అడగబోతుంటే ఆవిడే నన్ను అడిగింది. "మరి మీ అప్పగారు ఆ తరవాత ఎక్కడుంతారు?"

దానికి నేను తయారై వెళ్ళలేదు. ఎనిమిదేళ్ళుగా ఆ వాటాలో మేమిద్దరమే, పెళ్ళయ్యాక ఆ అర గదిలో ఆవిడ సంగతేమిటని నాకు ఒక్కసారైనా తట్టలేదు. అడగలేదండీ అన్నాను. "అడగండి. నాకది తెలియాల," అంది ఆవిడ, గంటైందని మేనత్తగారు లేచి నిలబడింది.

ఇంటికొస్తే అప్ప అన్నం పెట్టి ఒక్కొక్కటే చెప్పించుకుంది, ఆ టీ సంగతి విని కళ్ళు తుడుచుకుంది. నేను చెయ్యి కడుక్కుంటూ, నువ్వు మాతోనే ఉంటావు కదప్పా అన్నాను. ఉంతాన్లేరా అంది. ఆ జవాబే పట్టుకెళ్ళి ఇచ్చాను, మా పెళ్ళి అయ్యింది.

మూడు నెలలు తిరగకుండా అప్ప బట్టలు మూట కట్టుకుంది. భీమిలిలో బావ అన్నగారింట్లో మంచాన పడ్డ ముసలి అత్తగారికి సేవ చేసే దిక్కు లేదంది. నేను నమ్మాను, నమ్మడం నాకు సుఖంగా ఉంది. అక్కడ వరండాలో పడుకునేదని, ముందునుంచీ ఉన్న దగ్గు ముదిరిందని ఎవరూ కబురు పెట్టలేదు, ఆవిడ పెట్టనివ్వలేదు. రెండో ఏడు వానల్లో అప్ప పోయిందని కబురొచ్చింది, మొదటి బస్సుకి వెళ్ళినా అప్పటికే తీసుకెళ్ళిపోయారు. తిరిగొచ్చిన రోజున మా ఆవిడ నాకు నీళ్ళు తోడిపెట్టి అడిగింది, ఆ రోజు మీరు ఆవిణ్ణి అడిగారా, చెప్పారా అని. ఆ తర్వాత ఈ నలభై ఏళ్ళలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, ఎత్తి ఉంటేనే బాగుండేదేమో.

ఇప్పుడు హార్బరులో ఆ సైగలు లేవు, డబ్బాల్లాంటి కంటైనర్లని పెద్ద క్రేన్లు ఎత్తుతున్నాయి, ఎవడూ ఎవడి చెయ్యీ చూడనక్కర్లేదు. లిఫ్టులో కుర్రాడికి ఆ అమ్మాయి ఏం తింటుందో, ఏ ఊళ్ళు తిరిగిందో కలవకముందే ఫోన్‌లో తెలిసిపోయింది, అయినా భయం తగ్గలేదు. ముందే వెళ్ళి చోటు చూసుకో, కాస్త తిని వెళ్ళు, నీకు నిజంగా తెలియనివి మూడు అడుగు అని మా అప్ప మాటలే వాడికి చెప్పాను, వాడు మర్నాడు వచ్చి బాగా జరిగిందని దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం నాది కాదు. మా ఆవిడకి ఏది ఇష్టమో, దేనికి కోపమో, దేనికి ఏడుపో ఆ గోడ మీద మొదలుపెట్టి ఇవాళ్టిదాకా అడుగుతూనే ఉన్నాను. మా అప్పకి ఏ కూర ఇష్టమో మాత్రం నాకు తెలియదు. ఆ ఎనిమిదేళ్ళూ మా ఇంట్లో వండినవన్నీ నాకిష్టమైనవే.