అమావాస్య నాటి బెయిలు

అచ్చాయమ్మ అమావాస్య నాడు కొత్త తట్ట కూడా నెత్తికెత్తుకోదు. ఉప్పాడలో చేపలమ్మి ఒక్కగానొక్క కొడుకును పెంచిన మనిషి. పెనిమిటి ఒక అమావాస్య నాడు కొత్త వలతో సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఆ తిథిన ఏ పనీ మొదలుపెట్టదు, ఇంకొకరిని పెట్టనివ్వదు. ఆవిడ కొడుకు ఉదయ్‌కుమార్‌కి లాయర్ని నేనే, సూర్యకళని. ఆ పట్టుదలతో నా ప్రాణం తోడేసింది.

పడవ ఇంజను దొంగిలించాడని ఉదయ్ మీద కేసు. బెయిలు అడిగితే కోర్టు కాదంది. అలాంటి కేసులో మొదటి రిమాండు నుంచి అరవై రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయాలి, వేయకపోతే అడిగినవాడికి బెయిలు ఇచ్చి తీరాలి. ఆ గడువు నిండింది, కోర్టు మూసేదాకా చూశాను, ఛార్జిషీటు రాలేదు. వెంటనే ఆవిడకు ఫోన్ చేశాను.

“రేపు కోర్టు తెరవగానే బెయిలు పిటిషన్ వేస్తున్నానండి. జామీనుదారులిద్దరినీ తీసుకురండి.”

“రేపు అమావాస్యండి లాయరమ్మగారు. ఎల్లుండి వేద్దామండి.”

“మనం అడక్కముందే పోలీసులు ఛార్జిషీటు వేసేస్తే ఈ హక్కు పోతుందండి. అడక్కుండా ఎవరూ ఇవ్వరు.”

“మా ఆయనా ఇలాగే ఒక్కరోజు ఆగలేనన్నాడండి.”

నాకు ఒళ్లు మండింది. “జామీను లేకపోతే జడ్జిగారు బెయిలిచ్చినా మీవాడు లోపలే ఉంటాడు. ఆ తర్వాత మీ ఇష్టం” అని పెట్టేశాను.

తెల్లారి కోర్టు గేటు దగ్గర ఆవిడే ముందు కనిపించింది. పక్కన ఆవిడకు చేపలిచ్చే పడవ యజమాని పల్లంరాజు, ఒక బంధువు, ఇద్దరి చేతుల్లో పొలం కాగితాలు. ఆవిడ మొహం తిప్పుకుని వాళ్లిద్దరినీ నా ముందుకు నెట్టింది.

పిటిషన్ ఇచ్చి, దాని మీద టైము వేయించుకున్నాను. మధ్యాహ్నం కాకముందే కానిస్టేబుల్ ఒక కాగితాల కట్ట పట్టుకుని లోపలికి వచ్చాడు. అచ్చాయమ్మ నా గౌను పట్టుకుంది.

“వచ్చేశాడండి. వద్దన్నాను కదండి.”

పిటిషన్ మీద వేయించిన టైము ఇంకోసారి చూసుకున్నాను.

పిటిషన్ పిలిచారు. ఛార్జిషీటు దాఖలైంది కాబట్టి ఇక హక్కు లేదన్నారు ప్రభుత్వ లాయరు. “గడువు దాటాక, ఛార్జిషీటు రాకముందే అడిగామండి. జామీనుదారులు ఇక్కడే ఉన్నారు” అన్నాను. మేజిస్ట్రేటుగారు రెండు కాగితాల మీదా టైము చూశారు. మళ్లీ చూశారు. అచ్చాయమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ముందు అడిగింది వీళ్లే కనుక వెనక వచ్చిన ఛార్జిషీటు అడ్డు కాదని బెయిలిచ్చారు.

జామీను పత్రాలు ఆమోదం పొంది, ఉత్తర్వు సబ్‌జైలుకు చేరి, ఉదయ్ బయటకు వచ్చేసరికి పొద్దుగూకుతోంది. తల్లి అతని మొహం రెండు చేతులతో తడిమింది. నాకూ కళ్లు చెమర్చాయి.

“ఇంటికి పోదామే అమ్మా” అన్నాడు.

“ఇవాళ గడప దాటకురా. రేపు పొద్దున్నే లోపలికి వద్దువుగాని.”

“మరి రాత్రికి?”

“అరుగు మీద పడుకో. నేనూ నీ పక్కనే పడుకుంటాలే.”