చేపలకు చేసిన ముస్తాబు

మా కుంటలో చేపలు చస్తున్న రోజుల్లో నేను చెల్లెలి కాన్పు కోసం రాయికోడ్‌లో ఉన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేనే ఇంట్లో ఉండి ఉంటే ఆ ఫోటోలు అలా దిగనిచ్చేదాన్ని కాదు.

ఎనభైల నాటి సంగతి. చిరాగ్‌పల్లి అవతల మా పొలంలో ఒక పల్లపు మూల ఉండేది. అక్కడ ఏ పంట వేసినా నీళ్లు నిలిచి వేరు కుళ్లేది. అక్కడ కుంట తవ్వించి చేపలు పెంచుదామని పట్టుబట్టింది నేనే. మామ ముక్కుతూ మూలుగుతూ ఒప్పుకున్నాడు. "నీ ముచ్చట ఎందుకు కాదనాలె. గని చేపలు చచ్చుడు మొదలైందంటె మాత్రం గట్టు తెంపుత. మల్ల నన్ను ఏమనొద్దు" అన్నాడు. మా మామ ఒట్టి బెదిరింపులకు మాట అనే మనిషి కాదు. అన్నాడంటే చేస్తాడు.

బొచ్చె, రోహు, బంగారుతీగ పిల్లలు తెచ్చి వదిలాం. మొదటి ఏడు బాగానే పెరిగాయి. రెండో ఏడు ఎండలు ముదిరేసరికి బొచ్చెలు ఒకటీ అరా తేలడం మొదలైందట. మా ఆయన నాకు కబురు కూడా చేయలేదు. కాన్పు దగ్గర ఉన్నదాన్ని కంగారు పెట్టడమెందుకు అనుకున్నాడట. ఎంత మంచితనమో!

సంగారెడ్డిలో మత్స్యశాఖ సారు ఒకాయన ఉండేవాడు. పని తెలిసినవాడే, ఆ మాట ఒప్పుకోవాలి. జిల్లా అంతటికీ ఆయనొక్కడే. జీపు ఉన్ననాడు డీజిల్ ఉండదు, డీజిల్ ఉన్ననాడు డ్రైవర్ ఉండడు. చచ్చిన చేపను బస్సులో తీసుకుపోతే దారిలోనే కుళ్లేది. ఎర్రగా ఉండాల్సిన మొప్పలు తెల్లబోయేవి, అది రోగంతో తెల్లబోయిందో చచ్చాక తెల్లబోయిందో చెప్పలేకపోయేవాడు. అందుకని రైతులకు ఒక పద్ధతి పెట్టాడు. చేపను పట్టిన వెంటనే మొప్ప మూత ఎత్తి ఒక ఫోటో, రెక్కలు విప్పి ఒకటి, ఒంటి మీద చర్మం కనిపించేలా ఒకటి, నీళ్లలో ఎలా ఈదుతున్నాయో ఒకటి. ఈ నాలుగూ తెస్తే చూసి మందు చెప్పేవాడు.

మా ఆయన జహీరాబాద్ బజారులో స్టూడియో నడిపే చాచాను తీసుకొచ్చాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెండ్లికైనా ఫోటోలు తీసేది ఆ చాచానే. మా పెండ్లికి తీసింది కూడా ఆయనే. ఆ ఫోటోల్లో నా చెంప మీద పుట్టుమచ్చ ఉండదు. మంచి మనిషి. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

మా ఆయన ఆ ఫోటోలు పట్టుకుని సంగారెడ్డి పోయాడు. సారు చూసి, "చర్మం శుభ్రంగా ఉంది, రెక్కలు నిండుగా ఉన్నాయి, మొప్పలు ఎర్రగా ఉన్నాయి. చేపలన్నీ నోళ్లు తెరిచి పైకి వచ్చి ఉన్నాయి. రోగం కాదయ్యా, నీళ్లలో గాలి చాలడం లేదు. పేడ వేయడం ఆపండి, తవుడు ఆపండి, తెల్లవారుజామున బావి నీళ్లు ఎత్తు నుంచి పడేలా వదలండి" అన్నాడట. ఈయన వచ్చి అలాగే చేశాడు. చేపలు మాత్రం చస్తూనే ఉన్నాయి.

నేను తిరిగి వచ్చిన పొద్దున మొదట కుంట దగ్గరికే పోయాను. గట్టు మీద నిలబడి ఒక్క చూపు చూస్తే చాలు. గాలి చాలని చేపలు తెల్లవారుజామున పైకొచ్చి నోళ్లు ఆడిస్తాయి, ఎండ ఎక్కితే దిగిపోతాయి. ఇవి పైకి రావడమే లేదు. ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, పొట్ట తళుక్కుమనిపిస్తూ, పాతిన కట్టెలకు ఒళ్లు రాసుకుంటున్నాయి. ఎగిరి పడుతున్నాయి. దురద పుట్టిన గేదె చెట్టుకు రాసుకోదా, అట్లా. వల వేసి ఒక బంగారుతీగను పట్టించాను. రెక్కల మొదట్లో, గొంతు కింద పెసరబద్దంత పేన్లు. గాజు ముక్కల్లా పారదర్శకంగా ఉన్నాయి, వేలితో తోస్తే పక్కకు పాకుతున్నాయి. అవి కుట్టినచోటల్లా ఎర్రటి చుక్కలు. తోక అంచు చీలికలు పేలికలు.

"ఫోటోలు ఏవీ?" అన్నాను. మా ఆయన లోపలి నుంచి తెచ్చాడు.

దేవుడా! అవి మా చేపలా? నున్నగా, మచ్చ లేకుండా, అంచు చెరగని తోకతో, అద్దంలో చూసుకుని వచ్చినట్టున్నాయి. ఫోటోలు నల్లా తెల్లావే అయినా మొప్పలకు మాత్రం చేత్తో రంగు వేసి ఉంది, పెండ్లికూతురి పెదవులకు వేస్తాడే, ఆ ఎరుపే.

"కండ్లు ఉండే తీసుకపోయినవా ఇవి?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను.

"నేను చూసిన గదా. మంచిగొచ్చినయనే అనుకున్న" అన్నాడు. ఏం చెయ్యను చెప్పండి ఈ మనిషిని.

ఆ రోజే జహీరాబాద్ స్టూడియోకు పోయాను. చాచా నవ్వుతూ కుర్చీ వేశాడు. కూర్చోలేదు. ఫోటోలు బల్ల మీద పరిచాను.

"చాచా, గీ చేప మీద పేన్లు ఉండె. ఏడ పోయినయి?"

"అరె బేటీ, అవి గలీజ్‌గ కనబడ్డయి. నెగటివ్ మీద పెన్సిల్ పెట్టి సాఫ్ చేసిన. చాన మెహనత్ అయింది" అన్నాడు, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

"తోక చినిగి ఉండె గదా?"

"బ్రష్‌తోని సీదా చేసిన."

"చేపలన్నీ నోళ్లు తెరిచి పైకి ఎట్ల వచ్చినయి? అవి రావు గదా!"

"కెమెరా తెచ్చినంక అవి అడుగున దాక్కుంటె ఎట్ల? మీ ఆయన్ను తవుడు చల్లుమన్న. అన్ని ఒక్కపారి మీదికొచ్చినయి. మస్తుగ కుదిరింది!"

తవుడు కోసం వచ్చిన నోళ్లను సారు గాలి కోసం వచ్చిన నోళ్లు అనుకున్నాడు. అనుకోక ఏం చేస్తాడు? ఆయన ముందు ఉన్న బొమ్మకు ఆయన చెప్పింది సరిగ్గానే సరిపోయింది.

"అవి పెండ్లి సంబంధానికి పంపెటియి అనుకున్నవా? దవాఖానల డాక్టర్‌కు చూపెట్టే గాయం మీద పౌడర్ పూస్తరా ఎవరన్న?" అని అరిచాను. బజారులో పోయేవాళ్లు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను.

చాచా ముఖం చిన్నబోయింది. "ముప్పై ఏండ్ల సంది నా ఫోటోల మచ్చ ఉంటె ఎవ్వరు తీస్కపోలె బేటీ. నాకు ఏం ఎరుక" అన్నాడు. నిజమే. ఆ నిజానికీ నాకు కోపమే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే చాచాను తీసుకొచ్చి నా పక్కన నిలబెట్టుకుని మళ్లీ తీయించాను. తవుడు లేదు. చేపను తుడవనివ్వలేదు. తడి గోనె మీద పెట్టి, మొప్ప మూత నేనే బొటనవేలితో ఎత్తి పట్టుకున్నాను. పేన్లు ఉన్నచోట పక్కన పావలా బిళ్ల పెట్టాను, ఎంత పెద్దవో తెలియాలి కదా. కట్టెకు ఒరిగి రాసుకుంటున్న చేప కోసం చాచా గట్టు మీద బోర్లా పడుకున్నాడు. "రంగు ముట్టవద్దు, పెన్సిల్ ముట్టవద్దు" అని ఒట్టు వేయించుకున్నాను. నల్లా తెల్లా ఫోటోలో మొప్ప రంగు తెలియదు కనుక, "మొప్పలు ఎర్రగానే ఉన్నవి" అని వెనక నా చేత్తో రాశాను.

ఇంట్లో మామ ఒక్క మాటే అన్నాడు. "ఆ సారు చెప్పిందంత చేస్తిరి. ఏమొచ్చింది? ఇగ జాలు."

"ఒక్క దినం ఆగు మామా. నీ కాళ్లు మొక్కుత. నేను సంగారెడ్డి పోయొస్త" అన్నాను. ఆయన కండువా భుజాన వేసుకుని బయటికి పోయాడు.

ఫోటోలతో పాటు ఒక బంగారుతీగను కూడా తడి గోనెలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. బొచ్చె అయితే దారిలోనే చస్తుంది, బంగారుతీగ గట్టి ప్రాణం. బస్సు ఆగినచోటల్లా మా ఆయన దిగి గోనె తడిపాడు. కండక్టర్ తిట్టాడు, పక్కనున్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు. మూసుకోనీ!

పాత ఫోటోలు కూడా వెంట తీసుకుపోయాను. సారు రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. తర్వాత నావైపు అదోలా చూశాడు.

"ఇవి రెండూ ఒకే కుంటవా అమ్మా? ఇందులో ఇన్ని మచ్చలు ఎక్కడి నుంచి వచ్చాయి? నష్టపరిహారం కోసం ఇట్లా గీయించుకొచ్చేవాళ్లను చాలామందిని చూశాను."

కోపం అనేది చిన్న మాట. నిజం పట్టుకొచ్చినదాన్ని దొంగను చేశాడు, అబద్ధం ఆయన బల్ల మీద దర్జాగా పడుకుని ఉంది. సంచిలోంచి గోనె తీసి ఆయన బల్ల మీద విప్పాను. చేప ఒక్కసారి తోక కొట్టింది, కాగితాల మీద నీళ్లు చిందాయి. ఒక పేను జారి, చాచా నున్నగా దిద్దిన ఫోటో మీద పాకడం మొదలుపెట్టింది.

సారు వంగి, వేలితో దాన్ని తోసి చూశాడు. "క్షమించమ్మా" అన్నాడు. తర్వాత ఆయనే పట్టకారు తెచ్చి ఒక్కో పేను తీస్తూ వరసగా చెప్పాడు. వల లాగి దొరికిన ప్రతి చేపనూ కాసేపు ఉప్పునీళ్లలో ముంచి వదలాలి. కుంటలో వెదురు గడలు పాతితే పేన్లు వాటి మీద గుడ్లు పెడతాయి, ఆ గడలు పీకి ఎండలో ఎండబెట్టాలి. నీళ్లలో కలపడానికి మందు తన చేత్తో కొలిచి ఇచ్చాడు. "మొప్పలు ఇంత ఎర్రగా ఉన్నాయంటే లోపల చేప గట్టిగానే ఉంది. మిగిలినవి బతుకుతాయి, భయపడకు" అన్నాడు. ఆ చేపను బకెట్ నీళ్లలో వేసి ఆయన తన దగ్గరే ఉంచుకున్నాడు.

బస్సు దిగి పొలానికి నడుస్తుంటే దారిలోనే బురద నీళ్లు ఎదురొచ్చాయి. మా ఆయన ఆగిపోయాడు. నేను పరుగెత్తాను.

గట్టు తెంపేశారు. అడుగున మోకాలి లోతు బురద. జహీరాబాద్ నుంచి వచ్చిన చేపలవాళ్లు గంపల్లోకి ఏరుతున్నారు. మామ గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

చీర కుచ్చిళ్లు ఎగదోపుకోకుండానే బురదలోకి దిగాను. చేతికి దొరికిన రోహును పట్టుకుని, మొప్ప ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టాను. "చూడు మామా! కండ్లు తెరిచి చూడు! ఎంత ఎర్రగున్నయో చూడు! ఇవి చచ్చే చేపలా? సారు బతుకుతయన్నడు! మందు తెచ్చిన!"

మామకు నా మీద కోపం లేదు. అదే ఇంకా మండింది నాకు. ఆయన మెల్లగా అన్నాడు.

"ఫోటోల గూడ ఎర్రగనే ఉండె గద బిడ్డా."

చేప నా చేతిలో ఇంకా గింజుకుంటూనే ఉంది. వదులుదామంటే ఎక్కడా నీళ్లు లేవు.