కిటికీ సంగతి రాసిన ప్రకటన

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. వాళ్లెవరూ ఆర్మూరులో డబుల్ బెడ్రూం ఫ్లాటు అమ్ముకుని ఉండరు.

మా ఫ్లాటు ఊరి చివర, రెండో అంతస్తులో. మా ఆయన గల్ఫ్‌లో ఉండగా వానాకాలంలో నేనొక్కదాన్నే చూసి ఖాయం చేశాను. హాలు కిటికీ ఎదుట ఖాళీ జాగా పచ్చగా గడ్డితో ఉంది. గాలి బాగా వస్తుందని మురిసిపోయాను. ఎండలు ముదిరాక తెలిసింది, అది పసుపు ఆరబోసే జాగా అని. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను ట్రాక్టరుతో తిప్పే డ్రమ్ములో పోసి పాలిష్ పడతారు. అది తిరిగినంతసేపూ పొట్టూ దుమ్మూ లేచి నేరుగా మా హాల్లోకి వస్తాయి. పసుపు మీద నాకేం కోపం లేదు. ఊరంతా దాని మీదే బతుకుతోంది. కాని మా ఆయన గల్ఫ్ నుంచి దమ్ము రోగంతో, అదే ఉబ్బసంతో తిరిగొచ్చాడు. ఇక్కడికొచ్చాక అది ముదిరింది. దవాఖానలో డాక్టరు మందులూ నోటితో పీల్చే పంపూ రాసి, ముందు ఆ దుమ్ముకు దూరంగా పొమ్మన్నాడు. ఇది అమ్ముడుపోతే తప్ప మాక్లూర్ వైపు ఇంకో ఇల్లు కొనే తాహతు మాకు లేదు.

బ్రోకరు ఫోన్లోనే ప్రకటన రాసి పంపాడు. ‘లగ్జరీ’ అన్నాడు, ‘అతి విశాలం’ అన్నాడు. బస్టాండుకు రెండు నిమిషాలట, హెలికాప్టర్లో కాబోలు. తూర్పు ఫేసింగ్ అన్నాడు. తూర్పుకు ఉన్నది అపార్ట్‌మెంటు గేటు. మా గుమ్మం ఉత్తరానికి ఉంది. పదకొండు వందల యాభై చదరపు అడుగులన్నాడు. అందులో గోడల మందం, మెట్లు, లిఫ్టు ముందు జాగాలో మా వాటా కూడా కలిసి ఉన్నాయి. చాప పరుచుకోగలిగిన నేల ఎనిమిది వందల నలభై. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. తప్పు కనిపిస్తే ఎర్ర పెన్ను తీయకుండా ఉండలేను. కూర్చుని మొత్తం తిరగరాశాను.

దుమ్ము సంగతి మాత్రం రాయలేదు. ఎలా రాయాలో తోచలేదని మా ఆయనతో అన్నాను. ఆయన చదివి ఫోను తిరిగి ఇచ్చాడు.

“నాకు పట్టిన దమ్ము ఇంకొగలకు అంటగట్టి పైసలు తీసుకుందామా? గా దుమ్ము సంగతి గూడ రాయి.”

రాశాను. చివరికి ఇలా తేలింది:

‘ఆర్మూరులో రెండు పడకగదుల ఫ్లాటు అమ్మకానికి ఉంది. రెండో అంతస్తు, ఉత్తర ద్వారం. లోపలి నేల 840 చదరపు అడుగులు. గోడలు, ఉమ్మడి జాగా కలిపి 1150. వంటింట్లోకి పొద్దుటి ఎండ వస్తుంది. చిన్న పడకగది కిటికీ నుంచి సిద్ధులగుట్ట రాళ్లు కనిపిస్తాయి. బోరు నీళ్లకు కొరత లేదు. మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు. లిఫ్టు ఉంది, కరెంటు పోతే ఆగుతుంది. ఒక కారు పెట్టుకోవచ్చు, పెద్ద కారైతే స్తంభం అడ్డం. బస్టాండుకు నడిచి పావుగంట. హాలు కిటికీ ఎదుట పసుపు పాలిష్ పట్టే జాగా ఉంది. ఎండాకాలం సీజన్‌లో దుమ్ము వస్తుంది, పగలు ఆ కిటికీ మూసుకోవాలి. పడకగదులు రెండో వైపు ఉన్నాయి, వాటిలోకి తక్కువ. మిగతా నెలల్లో ఆ కిటికీ గాలి చాలా హాయిగా ఉంటుంది.’

చదివితే నాకే మళ్లీ కొనుక్కోవాలనిపించింది. బ్రోకరు మాత్రం తల పట్టుకున్నాడు.

“మేడం, ఇల్లు చూపియ్యాలె గని, ఇంటి జాతకం చెప్తరా? ఎవలన్న కొంటరా గిట్ల రాస్తె?”

జాతకాలు చూడకుండా పెళ్లిళ్లు చేస్తారా అని అడిగాను. విసుక్కుంటూనే పెట్టాడు.

వచ్చినవాళ్లందరూ నా ప్రకటన చేతిలో పట్టుకునే వచ్చారు. స్తంభం ఉందని మీరే రాశారు కదా, తగ్గించండి. లిఫ్టు ఆగుతుందన్నారు కదా, తగ్గించండి. ఊళ్లో కరెంటు పోతే ఆగని లిఫ్టు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. వంటింటి ఎండ గురించీ గుట్ట గురించీ ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఒప్పుకున్న లోపాలన్నీ నా మెడకే చుట్టుకున్నాయి.

మళ్లీ వానాకాలంలో ముప్కాల్ నుంచి ఒక జంట వచ్చింది. ఆయన సెలవు మీద గల్ఫ్ నుంచి వచ్చాడట, తిరిగి వెళ్లేలోపు కొనాలని తొందరలో ఉన్నారు. ఆమె వంటింట్లో నిలబడి మస్తుగుందక్కా అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి పచ్చటి గడ్డిని చూశాడు, ఫోన్లో ప్రకటన చూశాడు. దుమ్ము ఎంత వస్తదని అడిగాడు. మా ఆయన దాచకుండా చెప్పాడు, మధ్యలో దగ్గు ఆపుకుంటూ. ఆ దగ్గు చూశాక ఆమె చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, రవ్వంత దుమ్ము లేని రోజున.

వారంలో వాళ్లు ఇల్లు కొన్నారు. మాది కాదు, మా నెత్తి మీదిది. మూడో అంతస్తు, అదే ప్లాను, అదే కిటికీ, అదే జాగా. మేం అడిగినదానికంటే ఎక్కువే పెట్టారు. ఆ ప్రకటన బ్రోకరే రాశాడు: లగ్జరీ, ప్రశాంత వాతావరణం, చల్లటి గాలి. ఫోటోలు మా ఇంటివి. మా వంటింటి ఎండ, మా గుట్ట, వంటగట్టు మీద నా మామిడికాయ తొక్కు జాడీతో సహా. నిలదీస్తే, ప్లాను ఒక్కటే కద మేడం అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ప్లాను ఒక్కటే అయినప్పుడు దుమ్ము ఒక్కటి ఎందుకు కాలేదో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు.

సీజన్ వచ్చింది, డ్రమ్ము మొదలైంది. కొద్ది రోజులకు పై ఇంటామె ముక్కుకు రుమాలు కట్టుకుని మా తలుపు కొట్టింది. తిట్టడానికి వచ్చిందేమో, తిడితే రెండు మాటలు అనాలని నేనూ సిద్ధంగానే ఉన్నాను. ఆమె గొడవేం పెట్టలేదు. భర్త గల్ఫ్ వెళ్లిపోయాడని, తన వల్ల కావడం లేదని, ఇల్లు అమ్మేస్తామని చెప్పింది. నా ప్రకటన ముచ్చటగా ఉందట. తనదీ నన్నే రాసి పెట్టమంది.

“మీది రాసినట్టే రాయి అక్కా. కని గా కిటికీ ముచ్చట తీసెయ్యి.”

అది తీసేస్తే నాది కాదమ్మా అన్నాను.

“గా ముచ్చట రాస్తె మీది ఎవలన్న కొన్నరా?”

ఎత్తిపొడుపు కూడా లేదు ఆ గొంతులో. తెలుసుకుందామనే అడిగింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని నేను పిల్లలకు చెప్పే సామెత ఆ పూట నాకే తగిలింది. రాయనని చెప్పి పంపేశాను. ఆమె బ్రోకరు దగ్గరికి వెళ్లింది. అతను పాత ప్రకటననే మళ్లీ పెట్టాడు, అవే ఫోటోలతో. వానలు పడి గడ్డి మొలిచేదాకా ఆగమని, అప్పుడే చూపిస్తానని కూడా చెప్పాడట.

గడ్డి మొలిచింది. ఇల్లు అమ్ముడుపోయింది. మాది అలాగే ఉంది, కిటికీ వాక్యంతో సహా. ఆ కబురు బ్రోకరు మెట్ల దగ్గర చెప్పాడు. లోపలికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఎంతకు పోయిందని అడుగుతాడనుకున్నాను.

“కొన్నోళ్ల ఇంట్ల చిన్నపిల్లలు ఉన్నరా?” అన్నాడు.

“ఉన్నరు. ఇద్దరు.”

ఆయన దమ్ము పంపు కోసం చెయ్యి చాపాడు. అందించాను.