ఎరడే ఎరడు

నారాయణఖేడ్ బయట ప్లాస్టిక్ డబ్బాలు పోసే ఫ్యాక్టరీలో, నీళ్లు చల్లబరిచే గది చూసుకోవడం నా పని. అచ్చుల చుట్టూ తిరిగే నీళ్లు పద్దెనిమిది డిగ్రీలు దాటితే డబ్బాలు వంకరపోతాయి. ఏడాదిలో చాలాకాలం వాటిని చిల్లర్ అనే కరెంటు యంత్రం చల్లబరుస్తుంది. దాని మోతే నాకు తోడు. చలికాలం పొద్దున మాత్రం అది ఆగుతుంది. అప్పుడు పలుచని రేకుల దొంతరలో ఒకవైపు బయటి టవర్‌లో గాలికి చల్లబడ్డ నీళ్లు, ఇంకోవైపు అచ్చుల నీళ్లు పోతాయి. ఒకదానిలో ఒకటి కలవకుండానే అచ్చుల నీళ్లు చల్లబడతాయి. కరెంటు మిగులుతుంది, గది మూగబోతుంది.

ఈ పని నేర్పింది నాగల్‌గిద్ద నుంచి పనికి వచ్చే పెద్దాయన. ఆయనది కన్నడం మాట్లాడే ఇల్లు. ఒకనాడు తాగునీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టి చూపించాడు.

"గీ తడిగుడ్డ ఎంత చల్లబడ్తదో, టవర్ నీళ్లు దానికి నాలుగు డిగ్రీలు పైననే ఆగుతయి. రేకులు దాటినంక ఇంకో ఎరడు. ఎరడే ఎరడు బిడ్డా, యాదిపెట్టుకో."

ఎరడంటే రెండు. తడిగుడ్డ పన్నెండు డిగ్రీలుంటే, దానికి నాలుగు, రెండు కలిపితే పద్దెనిమిది. అందుకే మీటరు చూపే తడిగుడ్డ లెక్క పదకొండుకు దిగి అరగంట నిలిస్తేనే చిల్లర్ దానంతటదే ఆగేలా పెట్టారు. పన్నెండు దాటితే మళ్లీ నడుస్తుంది.

పోయిన చలికాలం ఒక పొద్దున తడిగుడ్డ లెక్క పదికి దిగింది, చిల్లర్ ఆగింది. అయినా అచ్చుల నీళ్లు ఇరవైకి చేరాయి. సూపర్‌వైజర్ ఉరికొచ్చాడు.

"ఏందమ్మా, వాల్వు గెలికినవా? డబ్బాలన్నీ వంకరైతున్నయ్!"

"నేను ముట్టలే సారూ."

"మరి ఎవలు ముట్టిండ్రు, దయ్యమా? రేపటి సంది పనికి రాకు."

గోడకున్న మీటర్లు చూపించాను.

"టవర్ నీళ్లు పద్నాలుగున్నయ్, రేకులు దాటినయి ఇరవై. ఆరు తేడా! నిరుడు రెండే ఉండె. రేకులల్ల ఏదో ఇరికింది సారూ."

"చదువు రాకున్నా లెక్కలు మస్తు చెప్తున్నవ్."

"రాకనే గదా సారూ, అన్నీ యాదిపెట్టుకునుడు."

ముందు చిల్లర్ నడపాలి. టవర్ నీళ్లు మరీ చల్లగా ఉంటే అది నడవదు. టవర్ ఫ్యాన్లు ఆపి, నీళ్లు కాస్త వెచ్చబడ్డాక నడిపాం. తర్వాత రేకులు విప్పితే సందులనిండా కందిపొట్టు. పక్క చేన్లో కంది కొడుతుంటే ఎగిరొచ్చి టవర్‌లో పడింది. నీళ్లు వడకట్టే జాలీ చినిగి ఉండి దాన్ని ఆపలేకపోయింది.

కడిగి బిగించిన మర్నాడు పొద్దున మీటర్లు పద్నాలుగు, పదహారు చూపాయి. సూపర్‌వైజర్ చూశాడు.

"నీ యాదికి దండమమ్మా. పని జూస్కో," అని వెళ్లిపోయాడు.

చిల్లర్ ఆగి గది మూగగా ఉంది. మళ్లీ తేడా రెండే అన్న మాట పెద్దాయనకు చెప్పాలనిపించింది. మోకాళ్ల నొప్పులని ఊరికి పోయినాయన, అంతకుముందు వానాకాలంలోనే చనిపోయాడు. చల్లని రేకుల మీద చెయ్యి పెట్టి "ఎరడే" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.