వాక్యంలోకి దూరిన గోనె

ఫుట్‌నోటమ్మ పేరు చెబితే పుస్తకాల ఆఫీసుల్లో కుర్చీలు కూడా సర్దుకుని కూర్చునేవి. తెలుగు వాళ్ల జీవిత కథల్ని ఇంగ్లీషులోకి తేవడం ఆవిడ పని. ప్రతి పేజీ అడుగునా చిన్న అక్షరాల్లో వివరణలు పేర్చడం ఆవిడ జబ్బు. ఒక డాక్టరు జ్ఞాపకాల పుస్తకంలో అడుగు వివరణలు పెరిగి పెరిగి, పైన ఉన్న డాక్టరు ఊపిరాడక పేజీ అంచు పట్టుకుని వేలాడాడట. ‘వియ్యంకుడు’ అన్న ఒక్క మాటకి ఆవిడ రాసిన వివరణ చదివి, ప్రూఫులు దిద్దే ఒకాయన కూతురి పెళ్లి సంబంధమే వదులుకున్నాడట. ఇందులో సగం అబద్ధమనుకున్నా, మిగతా సగం చాలు భయపడటానికి.

ఆవిడ చేతికి బస్తాల తాత పుస్తకం వచ్చింది. తాత సరుకుల యార్డులో వయసంతా మూటలు మోసి, మెడ భుజాల్లోకి దిగబడిపోయిన మనిషి. తన బతుకు తనే తెలుగులో రాసుకున్నాడు. పుస్తకం నిండా దెబ్బలే. పళ్లు రాలిన రోజులు, కొక్కేలతో చీరుకున్న వీపులు, తూకం దగ్గర విరిగిన చేతులు. వాటన్నిటి మధ్యా ఒకచోట తన తోడల్లుడి చావు ఉంది. ‘మేస్త్రి లేచి మా తోడల్లుడి భుజం మీద ఖాళీ గోనె వేశాడు. సాయంత్రానికి వాడు షెడ్డు వెనక ముద్దయి పడున్నాడు.’ అంతే. ముందూ లేదు, వెనకా లేదు.

ఫుట్‌నోటమ్మ తాత గదికి వెళ్లి అడిగింది.

“తాతా, ఆ గోనె ఎందుకేశాడు? చలేస్తుందనా?”

“అవును. ఇంకెప్పుడూ చలెయ్యకుండా.” తాత నవ్వలేదు. “మేస్త్రి అందరి ముందూ ఎవడి మీద ఖాళీ గోనె వేస్తే వాడు మా జట్టు మనిషి కాడమ్మా. వాణ్ణి ఎవడు కొట్టినా, చచ్చేదాకా కొట్టినా అడిగేవాడుండడు. యార్డులో తెలియనివాడు లేడు. అందుకే నేను విడమర్చి రాయలా.”

“ఇంగ్లీషులో చదివేవాళ్లకి తెలియదు కదా. ఏదో దుప్పటి కప్పాడనుకుంటారు.”

“అయితే చెప్పు. అడుగున రాసుకో, నీ మాటగా రాసుకో. నా నోట మాత్రం రానీకు. మేస్త్రి పోయినా కొడుకున్నాడు. యార్డు వాడిది, లారీలు వాడివి, ఈ సందులో మొరిగే కుక్కలు కూడా వాడివే.”

“అడుగునే రాస్తాను తాతా. మాటిస్తున్నా.”

ఆ మాట ఎడిటర్ బల్ల దగ్గర విరిగింది. ఎడిటర్ సన్నగా, గీసిన పెన్సిల్లా ఉంటాడు.

“మేడమ్, ఇది రైలెక్కేవాళ్లు కొనాల్సిన పుస్తకం. పేజీకిన్ని ఫుట్‌నోటు చుక్కలు పెడితే చదివేవాడు తట్టుకుని బోర్లా పడతాడు.”

“పడనీ. మోకాలు దులుపుకుని లేస్తాడు.”

“పోనీ అన్నీ పుస్తకం చివర పదకోశంలో పెడదాం.”

“మనిషి ఈ పేజీలో చస్తే, ఎందుకు చచ్చాడో చివరికెళ్లి అక్షర క్రమంలో వెతుక్కోవాలా నాయనా? గిడ్డంగికీ గోనెకీ మధ్య శవాన్ని పడుకోబెడతావా?”

“అంత రక్తం మరిగితే ఎలా మేడమ్! మీకిష్టమైతే...”

ఇక్కడే ఫుట్‌నోటమ్మ చేతిలోంచి స్టేప్లర్ గాల్లోకి లేచింది. ఎడిటర్ కనుబొమ చిట్లింది. ఆయన చేతిరుమాలు అదిమి పట్టుకుని, రక్తం కారుతుండగానే, ఆవిడకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలేలా ఒక మాటన్నాడు.

“వాక్యంలోనే కలిపెయ్యండి. అతుకు కనపడకూడదు. మీకు చేతకాకపోతే నేనే కలుపుతాను.”

చేతకాకపోవడమా! ఫుట్‌నోటమ్మ ఇంటికెళ్లి కుర్చీలో కూర్చుని, ఆ వాక్యాన్ని పీక పట్టుకుని తిరగరాసింది. ‘మేస్త్రి లేచి మా తోడల్లుడి భుజం మీద ఖాళీ గోనె వేసి, వాణ్ణి ఎవరు చంపినా అడిగేది లేదని ఆజ్ఞ ఇచ్చాడు.’ ఇంగ్లీషులో అది వెన్నలా జారింది. అతుకు దేవుడికి కూడా కనపడదు. ఆ నునుపు చూసుకుని ఆవిడ మురిసిపోయింది. పుస్తకమంతా ‘నేను’ అంటున్నది తాతేననీ, అతుకు లేని ఆ ముక్క కూడా తాత నోటి మాటే అయిపోయిందనీ ఆ మురిపెంలో తోచనే లేదు.

తెలుగు పుస్తకం వచ్చినప్పుడు మేస్త్రి కొడుకు అటు తిరిగి చూడలేదు. ఇంగ్లీషుది మాత్రం కాలేజీలో చదువుతున్న కూతురు తెచ్చి, “మన తాతయ్య మనిషిని చంపించాడా నాన్నా?” అని అడిగింది.

ఆ మధ్యాహ్నమే వాడి మనుషులు తాత గది తలుపు ఊడదన్నారు. పుస్తకం తెరిచి మొహం మీద పెట్టి, “ఇది నువ్వే కదరా రాసింది?” అన్నారు. తాతకి ఇంగ్లీషు రాదు. “నేను గోనె దాకే రాశానయ్యా” అన్నాడు. గోనె దాకా రాసిన చేతిని గుమ్మానికి ఆనించి ఇనప రాడ్డుతో కొట్టారు. భుజం ఎముక చిట్లింది. ఆజ్ఞ అబద్ధమని పదిమందిలో ఒప్పుకోకపోతే రెండో భుజం కూడా దించుతామని చెప్పి పోయారు.

ఆస్పత్రిలో ఫుట్‌నోటమ్మ వార్డు గుమ్మం దాటగానే, తాత కూతురు చేతిలో ఉన్న స్టీలు గ్లాసు విసిరింది. అది ఆవిడ దవడకి తగిలింది.

“మా నాన్న నోట్లో మాట పెట్టి నువ్వు చల్లగా కూర్చున్నావా అత్తా? దెబ్బలకి మాత్రం ఆయనా?”

“ఊరుకోవే,” అన్నాడు తాత పళ్ల మధ్య నుంచి. “అమ్మా, అడుగున ఉంచుతానన్నావు. పైకెందుకు తెచ్చావు?”

ఫుట్‌నోటమ్మ దవడ తుడుచుకుని తిన్నగా యార్డుకి నడిచింది.

మేస్త్రి కొడుకు షెడ్డులో బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ మూటల వాళ్లు. ఆవిడ రెండు పుస్తకాలూ వాడి ముందు పరిచింది.

“ఇదిగో తెలుగు, చదువుకో. ఆజ్ఞ అన్న మాట ఉందా? లేదు. ఇంగ్లీషులో దాన్ని దూర్చింది నేను. తాతకి తెలియను కూడా తెలియదు. కొట్టాలంటే నన్ను కొట్టు.”

“నీకెవడు చెప్పాడు?”

“ఈ షెడ్డులో తెలియనివాణ్ణి చూపించు, వాడు తప్ప మిగతావాళ్లంతా చెప్పారు.”

మూటల వాళ్లంతా నేల చూశారు. కానీ ఒక్కడూ కాదని తల ఊపలేదు. అది వాడికి కనపడింది, అందుకే ఒళ్లు మండింది.

“అయితే ఆ ముక్క తీసెయ్.”

“తాత నోట్లోంచి తీస్తా. పుస్తకంలోంచి తీయను. అడుగున నా పేరుతో పెడతా.”

వాడు ఆవిడ కుడి చేతిని లాగి షెడ్డు ఇనప తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. వేళ్లు విరిగిన చప్పుడు విని బస్తాల మీది పావురాలు లేచిపోయాయి. ఆవిడ పెట్టిన కేకకి వీధి చివర లారీలు ఆగాయని చెప్పుకుంటారు. ఆగినా ఆగకపోయినా, ఆవిడ మాత్రం వెనక్కి తగ్గలేదు.

కట్టు కట్టిన చెయ్యి ఎడిటర్ బల్ల మీద దబ్బున పెట్టింది. ఎడిటర్ కనుబొమ మీద స్టేప్లర్ మచ్చ ఇంకా కనపడుతూనే ఉంది.

“ఉన్న కాపీలు అమ్మడం ఆపు. మళ్లీ అచ్చెయ్యి. ఈసారి చుక్క ఉంటుంది.”

“చదివేవాడు బోర్లా పడతాడని...” అని మొదలెట్టి, ఆ చెయ్యి చూసి, “ఎక్కడ పెట్టాలో చెప్పండి” అన్నాడు.

కొత్త అచ్చులో తాత వాక్యం గోనె దగ్గరే ఆగింది. గోనె పక్కన ఒక చుక్క. పేజీ అడుగున ఎడమ చేత్తో టైపు కొట్టిన వివరణ: ‘యార్డులో దీన్ని చంపడానికి అనుమతిగా తీసుకునేవారు. ఈ మాట రచయితది కాదు, నాది. మొదటి ముద్రణలో దీన్ని ఆయన వాక్యంలో కలపడం నా తప్పు.’ కింద ఆవిడ పూర్తి పేరు, ఇంటి చిరునామా.

“చిరునామా ఎవరూ వెయ్యరు మేడమ్!” అని ఎడిటర్ మొత్తుకున్నాడు.

“వెతుక్కునేవాళ్లు తాత సందులోకి పోకుండా ఉండాలి కదా నాయనా” అందావిడ.

పోలేదు కూడా. పుస్తకం బయటికొచ్చిన వారంలోనే ఆ రాడ్డు ఫుట్‌నోటమ్మ తలుపు మీద పడింది. లోపల ఆవిడ బీరువాని తలుపుకి అడ్డంగా నెట్టి, దానికి వీపు ఆనించి, ప్రతి దెబ్బకీ పళ్లు బిగించి నిలబడింది. ఇరుగు పొరుగు కర్రలతో వచ్చేలోపు తలుపు చీలికలైంది గానీ, బీరువా ఒక్క అంగుళం జరగలేదు.